ఐదు తలకట్లు: మసక స్క్రీన్‌షాట్ నుంచి ఒక గానుగ నూనె దుకాణం లోగోను తిరిగి గీసిన వైనం

చెన్నై జార్జ్‌టౌన్‌లో మూడు తరాలుగా గానుగ నూనె అమ్ముతున్న ఒక తెలుగు కుటుంబం అన్నానగర్‌లో రెండో దుకాణం తెరుస్తూ మా స్టూడియోకు మూడు పనులు అప్పగించింది. లీటరు సీసాకు 90 మిల్లీమీటర్ల వెడల్పు లేబుల్, సీసా మూత మీద 20 మిల్లీమీటర్ల ముద్ర, కౌంటరు వెనక గోడ మీద 12 అడుగుల పొడవున ఆక్రిలిక్‌తో కోసి అమర్చే లోగో. బయటి బోర్డు తమిళంలో వేరేవాళ్ళు చేస్తున్నారు కనుక అది మా పనిలోకి రాలేదు. నేను ఉద్యోగంలో చేరి అప్పటికి పద్నాలుగు నెలలు. లోగో ఉన్నదే కదా, కొత్తగా గీసేది లేదు కదా అని ఈ పనిని నాకు అప్పగించారు.

లోగో ఫైలు పంపమని యజమానిని అడిగితే వాట్సాప్‌లో ఒక బొమ్మ వచ్చింది. ఫొటోగా పంపితే మళ్ళీ కుదించుకుపోతుందని చెప్పి, దాన్నే డాక్యుమెంటుగా పంపమన్నాను. ఈసారి వచ్చిన ఫైలు పేరు `Screenshot_20190614-113207.png`. అంటే 2019 జూన్ 14న ఎవరో తమ ఫోనులో కనిపించిన విజిటింగ్ కార్డు ఫొటోను స్క్రీన్‌షాట్ తీసుకున్నారన్నమాట. పైన బ్యాటరీ గుర్తు, కింద వేలిముద్ర మరక లాంటి నీడ, మధ్యలో పసుపు మీద ఎర్రటి అక్షరాలతో లోగో ఉన్నాయి. చుట్టూ కత్తిరించి చూస్తే లోగోకు మిగిలింది 412 పిక్సెళ్ళ వెడల్పు, 298 పిక్సెళ్ళ ఎత్తు. "ఇంతకన్నా మంచిది మా దగ్గర లేదమ్మా, ఇన్నాళ్ళూ అందరికీ ఇదే ఇచ్చాం" అన్నారాయన.

పీఎన్‌జీ అన్న పేరు చూసి కొంత ఊరట పడ్డాను కానీ ఆ ఊరటకు ఆధారం లేదు. పీఎన్‌జీ తనకు అందినదాన్ని చెడగొట్టకుండా దాచే మాట నిజమే. అయితే దానికి అందినది అప్పటికే జేపెగ్‌గా నలిగిన ఫొటో, కాబట్టి ఆ నలుగుడునే అది భద్రంగా దాచింది. అక్షరాల అంచుల వెంట ఎనిమిది పిక్సెళ్ళ చదరాలు చదరాలుగా మరకలు కనిపించాయి. జేపెగ్ బొమ్మను 8×8 గడులుగా విడగొట్టి కుదిస్తుంది కనుక ఆ గడులు పైకి తేలడమే దాని ఆనవాలు. పైగా ఫోనుల్లోని జేపెగ్ సాధారణంగా వెలుతురును ప్రతి పిక్సెల్‌కూ దాచినా, రంగును మాత్రం నాలుగు పిక్సెళ్ళకు ఒకటి చొప్పునే దాచుతుంది. పసుపు మీది ఎరుపు అంచులు దాటి పాకినట్టు కనిపించడానికి ముఖ్యకారణం అదే.

పని మొదలుపెట్టే ముందు చేయవలసిన లెక్క ఒకటుంది. పన్నెండు అడుగులంటే 3658 మిల్లీమీటర్లు. దాన్ని 412తో భాగిస్తే ఒక్కో పిక్సెల్ గోడ మీద దాదాపు 9 మిల్లీమీటర్ల చదరమవుతుంది, అంటే కందిగింజ కన్నా పెద్దది. అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రించే లేబుల్‌కైతే ఆ 412 పిక్సెళ్ళు 35 మిల్లీమీటర్ల వెడల్పుకే సరిపోతాయి, మాకు కావలసింది 90. సాఫ్ట్‌వేరులో పెద్దది చేస్తే పిక్సెళ్ళ సంఖ్య పెరుగుతుంది గానీ లేని వివరం పుట్టుకురాదు. కాబట్టి లోగోను గీతలుగా, అంటే వెక్టరుగా, తిరిగి గీయక తప్పదని ఆ రోజే తేలింది. ఇంతవరకు నా ఆలోచన సరైనదే. తప్పు ఆ తర్వాత జరిగింది.

లోగోలో ఒక దీపపు సెమ్మె, దాని కింద ఒకే వరుసలో "గానుగ నువ్వుల నూనె" అన్న మూడు మాటలు ఉన్నాయి. అక్షరాలు చేత్తో రాసినవని చూడగానే తెలుస్తుంది. మొదట ఇలస్ట్రేటర్‌లో, ఫొటోను చూసి తనంతట తానే గీతలు గీసే ఇమేజ్ ట్రేస్ వాడాను. అది 1,386 బిందువులతో ఒక రూపాన్ని ఇచ్చింది. వంపులన్నీ వణుకుతున్నాయి, మూలలన్నీ గుండ్రబడ్డాయి, తలకట్లు చిన్న చిన్న ముద్దలయ్యాయి. మసక అంచులో అక్షరం ఎక్కడ ఆగుతుందో ఆ యంత్రానికి తెలియదు. ఒక వెలుగు స్థాయిని హద్దుగా పెట్టుకుని దానికన్నా ముదురుగా ఉన్నదంతా అక్షరమని కోస్తుంది. హద్దు కొంచెం జరిపితే "ను" లావెక్కుతుంది, ఇంకొంచెం జరిపితే "వ్వు" కింది ఒత్తు తెగిపోతుంది. అందుకని దాన్ని వదిలి, పోలికలు దగ్గరగా ఉన్న ఒక తెలుగు ఫాంటు తీసుకుని, అక్షరాలను సాగదీసి, కొమ్ములు సరిచేసి, మూడు రోజుల్లో శుభ్రమైన లోగో ఒకటి తయారుచేశాను. ఐదు తలకట్లనూ ఒకే కొలతలో, ఒకే వాలులో పెట్టాను. స్క్రీన్‌షాట్‌లో చివరి రెండూ ఎడమకు వాలినట్టు అనిపించినా అది జేపెగ్ చెరుపు అనుకుని సరిచేశాను.

ప్రింటు తీసుకుని దుకాణానికి వెళ్ళాను. యజమానికి నచ్చింది. ఆయన తల్లి, డెబ్బై ఎనిమిదేళ్ళ మామ్మగారు, కళ్ళజోడు పెట్టుకుని కాగితం దగ్గరగా తెచ్చుకుని చాలాసేపు చూశారు. "అక్షరాలు బాగున్నాయమ్మాయీ. మరి దీపాలేవి?" అన్నారు. సెమ్మె పైనే ఉంది కదా మామ్మగారూ అని చూపించాను. "అది సెమ్మె. నేనడిగేది దీపాలు. మా మామగారు ఐదు దీపాలు రాయించారు, అక్షరాల మీద" అన్నారు.

నాకు వెంటనే బోధపడలేదు. దారిలో బస్సులో కూర్చుని వేళ్ళతో లెక్కపెట్టాను. గానుగ అన్న మాటలో "గా"కు దీర్ఘం వచ్చింది కనుక తలకట్టు లేదు. "ను"కు ఉంది, "గ"కు ఉంది. నువ్వులలో "ను"కు, "వ్వు"కు ఉన్నాయి, "ల"కు తలకట్టే ఉండదు. నూనెలో "నూ"కు ఉంది, "నె" మీద ఎత్వం కూర్చుంది. మొత్తం ఐదు. మామగారు లోగో రాయించిన పెయింటరు ఐదు తలకట్లనూ ఐదు దీపశిఖలుగా రాశాడు. నేను మూడు రోజులు కూర్చుని అతను వెలిగించిన ఐదింటినీ ఆర్పేశాను.

అక్కడి నుంచి పని తీరు మారింది. స్క్రీన్‌షాట్‌ను బాగుచేయవలసిన ఫైలుగా కాక, పోయిన వస్తువుకు దొరికిన ఒక సాక్ష్యంగా చూడడం మొదలుపెట్టాను. ఒక సాక్ష్యం ఉంటే ఇంకొన్ని ఉండాలి. అందుకే యజమానిని మళ్ళీ కలిసినప్పుడు "లోగో ఫైలు ఉందా" అని అడగలేదు. ఆ ప్రశ్నకు ఆయన ఫోనులోనే వెతుకుతారు. లోగో అచ్చయిన పాత వస్తువులేమున్నాయని అడిగాను: పాత డబ్బాలు, బిల్లు పుస్తకాలు, గోనెసంచుల మీద వేసే స్టెన్సిల్, రబ్బరు స్టాంపు, కోర్టు కాగితాలు, పెళ్ళిళ్ళకు పంచిన సంచులు. పాత ముద్రాపకుడి దగ్గర అసలు ఫైలు ఉంటుందేమో కనుక్కోమని కూడా చెప్పాను.

ముందుగా వచ్చింది ఆ ఫైలే. ఇంతకుముందు లేబుళ్ళు వేసినవాళ్ళు "ఇది వెక్టరే" అంటూ ఒక పీడీఎఫ్ పంపారు. ఫైలు రకాన్ని బట్టి ఆ మాట నమ్మడానికి లేదు, ఎందుకంటే ఏ ఫొటోనైనా పీడీఎఫ్‌లోనో ఈపీఎస్‌లోనో పెట్టి సేవ్ చేయవచ్చు. బాగా జూమ్ చేసినప్పుడు అంచు మెట్లుమెట్లుగా విరిగితే అది ఫొటో. అనుమానం తీరకపోతే, పాప్లర్ అనే సాఫ్ట్‌వేరుతో వచ్చే ఈ ఆదేశాన్ని టెర్మినల్‌లో నడిపితే లోపలున్న బొమ్మల జాబితా వస్తుంది:

```
pdfimages -list logo_final.pdf
```

లోగో పూర్తిగా గీతలతోనే ఉంటే శీర్షిక వరుస తప్ప కింద ఏమీ రాదు. మాకు ఒక వరుస వచ్చింది, అందులో వెడల్పు 412, ఎత్తు 298 అని ఉంది. అదే స్క్రీన్‌షాట్ ఇంకో చొక్కా తొడుక్కుని తిరిగి వచ్చిందన్నమాట.

మరుసటి రోజు మామ్మగారు గల్లాపెట్టె అడుగు అరలోంచి నూనె మరకల గుడ్డలో చుట్టిన చెక్కముక్క ఒకటి తీయించారు. చెక్క మీద మేకులతో బిగించిన జింకు రేకు, దాని మీద ఉబ్బెత్తుగా, అద్దంలో చూసినట్టు తిరగబడి, దీపపు సెమ్మె, మూడు మాటలు ఉన్నాయి. బిల్లు పుస్తకాలు లెటర్‌ప్రెస్‌లో వేయించిన రోజుల నాటి బ్లాకు అది. పెయింటరు రాసినదాన్ని ఫొటో తీసి, జింకు మీద అచ్చువేసి, ఖాళీ భాగాన్ని ఆమ్లంతో తినిపిస్తే ఇలాంటి లైను బ్లాకు తయారవుతుంది. వెడల్పు కొలిస్తే 62 మిల్లీమీటర్లు, ఎత్తు 45. స్క్రీన్‌షాట్ నిష్పత్తీ అదే. అంటే రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయని ముందే ఒక భరోసా దొరికింది.

బ్లాకును నేరుగా స్కానరు మీద పెట్టి చూశాను. జింకు మెరుపుకు సగం అక్షరాలు తెల్లబారాయి, గీతల పక్కలు కూడా కనిపించి అసలు అంచు ఎక్కడో తెలియలేదు. అందుకని ట్రిప్లికేన్‌లో ఇంకా ట్రెడిల్ అచ్చుయంత్రం నడుపుతున్న ఒక పాత ప్రెస్సుకు తీసుకెళ్ళాను. అక్కడి పెద్దాయన బ్లాకును కిరసనాయిలు, మెత్తటి బ్రష్షుతో కడిగి, ఎండబెట్టి, ఇనుప చట్రంలో బిగించి, ఆర్ట్ పేపరు మీద ప్రూఫులు తీశారు. ఒక్కసారే సిరా పట్టించి, మళ్ళీ పట్టించకుండా వరుసగా ఆరు ప్రూఫులు తీయమని అడిగాను. దీనికి కారణముంది. లెటర్‌ప్రెస్‌లో లోహం కాగితాన్ని నొక్కినప్పుడు సిరా పక్కలకు చిప్పిల్లుతుంది, అందువల్ల అచ్చయిన గీత లోహపు గీతకన్నా లావుగా ఉంటుంది. మొదటి ప్రూఫును భూతద్దంలో చూస్తే ప్రతి అక్షరం చుట్టూ లోపలికన్నా ముదురైన సన్నటి అంచు కనిపించింది. అది చిప్పిల్లిన సిరా. నాలుగో ప్రూఫుకు ఆ అంచు దాదాపు పోయింది. ఆరోదానిలో నలుపు చాలక అక్షరాల మధ్యలో చుక్కలు చుక్కలుగా తెలుపు తేలింది. గీయడానికి నాలుగోదాన్ని ఆధారం చేసుకున్నాను. దాన్ని 1200 చుక్కల చొప్పున గ్రేస్కేల్‌లో స్కాన్ చేస్తే లోగో వెడల్పు సుమారు 2,930 పిక్సెళ్ళు వచ్చింది.

ఆ స్కానులో తలకట్టును తెరనిండా పెద్దది చేసి చూసిన క్షణం నాకు బాగా గుర్తుంది. కింద అక్షరాన్ని అంటిన చోట సన్నటి కాడ, మధ్యలో ఉబ్బు, పైన ఒక పక్కకు తిరిగిన మొన. వత్తి, మంట, మంట కొస. కాడ మందం బ్లాకు మీద 0.2 మిల్లీమీటర్లు. నా స్కానులో అది తొమ్మిది పిక్సెళ్ళకు పైనే, స్క్రీన్‌షాట్‌లో ఒకటింబావు పిక్సెల్ మాత్రమే. జేపెగ్ తినేసేదాంట్లో మొదటిది ఇలాంటి సన్నటి గీతే. స్క్రీన్‌షాట్‌ను ఎంత శ్రద్ధగా చూసినా ఈ కాడ కనపడే అవకాశం లేదని ఆ లెక్కతో తెలిసింది.

వాలు సంగతి ఇంకా ముఖ్యమైనది. మొదటి రెండు శిఖలూ కుడికి వాలాయి, మూడోది దాదాపు నిటారుగా ఉంది, చివరి రెండూ ఎడమకు వాలాయి. ఐదూ పైనున్న సెమ్మె వైపే మొగ్గాయి. తెలుగు తలకట్టు కొస మామూలుగా కుడికే పోతుంది కనుక ఎడమకు వాలినవాటిని నేను మసకబారిన పొరపాటుగా తీసుకున్నాను, కానీ అవి పెయింటరు తెలిసి చేసినవి. ఇదే సమయంలో యజమాని ట్రేడ్‌మార్క్ సర్టిఫికెట్ నకలు వెతికి తెచ్చారు. ఫొటోకాపీకి ఫొటోకాపీ కావడంతో అక్షరాల్లో సిరా నిండిపోయింది, గీయడానికి పనికిరాదు. శిఖలు ఏ వైపుకు వాలాయన్నది మాత్రం అందులో స్పష్టంగా ఉంది. ఆ కాగితం ఇంకో విషయాన్నీ తేల్చింది. నమోదైన గుర్తును మార్చాలంటే 1999 ట్రేడ్‌మార్క్స్ చట్టం 59వ సెక్షన్ కింద రిజిస్ట్రారు అనుమతి కావాలి, అదీ గుర్తు స్వరూపం గణనీయంగా మారనప్పుడే. కాబట్టి నాకు ఇంపుగా తోచిన దిద్దుబాట్లకు ఇక్కడ చోటు లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు గీయడమే నా పని.

గీయడానికి నాలుగు రోజులు పట్టింది. ప్రతి వంపుకూ అది అన్నింటికన్నా పైకి, కిందికి, కుడికి, ఎడమకు చేరే చోట మాత్రమే బిందువు పెట్టి, ఆ బిందువు నుంచి వంపును నడిపే పట్టీలను నిలువుగానో అడ్డంగానో ఉంచాను. అలా గీస్తే "గ" కమాను నాలుగైదు బిందువుల్లో తీరుగా వస్తుంది. మొత్తం లోగో 168 బిందువులతో పూర్తయింది. "ను" లోగోలో రెండుసార్లు వస్తుంది, ఒకటి గీసి రెండోచోట అతికిద్దామనిపించింది. అతికించి స్కాను మీద పరిచి చూస్తే రెండో "ను" కొమ్ము కాస్త పొట్టిగా ఉంది, పక్కనున్న "వ్వు"కు చోటివ్వడానికి పెయింటరు దాన్ని దగ్గరకు లాగాడు. కాబట్టి రెండూ విడివిడిగానే గీశాను. చేతిరాతను తిరిగి గీసేటప్పుడు నకలు అతికించడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతుందని నా అభిప్రాయం, ఎందుకంటే ఒక్కో అక్షరం పక్కదాన్ని చూసుకుని రాసింది.

ఒక చోట బ్లాకు కూడా సాయపడలేదు. కుడి చివర "నె" అక్షరం మూల విరిగింది, ఎప్పుడో కింద పడి ఉంటుంది. ఆ వంపు ఎంతదూరం పోయి ఆగిందో ప్రూఫులో లేదు. అప్పుడు మళ్ళీ స్క్రీన్‌షాట్ దగ్గరికే వెళ్ళాను. విజిటింగ్ కార్డు నాటికి ఆ మూల విరగలేదు. రంగుల బొమ్మగా చూస్తే ఎరుపు పాకి ఏమీ తెలియలేదు కానీ, ఫొటోషాప్‌లో ఆకుపచ్చ ఛానెల్ ఒక్కటే తెరిస్తే పసుపు తెల్లగా, ఎరుపు నల్లగా మారి అంచు బాగా తేటపడింది. జేపెగ్ పూర్తి వివరంతో దాచే వెలుతురుకు దగ్గరగా ఉండేది ఆకుపచ్చే. దాన్ని 62 మిల్లీమీటర్ల కొలతకు తెచ్చి ప్రూఫు మీద పరిస్తే, మిగతా అక్షరాలు సరిపోయిన చోట "నె" చివర మరో ఒకటిన్నర మిల్లీమీటరు ముందుకు పోయి పైకి తిరిగింది. ఆ కొస ఆకారాన్ని ఇంకో "న"కారపు కొసను చూసి గీశాను. ఇంత భాగం నా ఊహ అని యజమానికి కాగితం మీద గుండ్రం చుట్టి చూపించి, ఒప్పుకున్నాకే ముందుకు వెళ్ళాను.

రంగును స్క్రీన్‌షాట్ నుంచి తీయలేదు. అదే ఎరుపులో ఐడ్రాపర్‌తో పది చోట్ల నొక్కితే పది రంగులు వచ్చాయి. పాత డబ్బా ఒకటి దొరికింది. ఎండకు బయటి వైపు వెలిసింది కానీ పిడి పట్టీ కింద రంగు చెక్కుచెదరలేదు. పట్టీ విప్పి, పగటి వెలుగులో ముద్రాపకుడి షేడ్ కార్డు పక్కన పెట్టి ఎరుపు, పసుపు రెండూ నిర్ణయించాం.

చివరి పరీక్ష తెర మీద కాక కాగితం మీద చేశాను. నా గీతను సరిగ్గా 62 మిల్లీమీటర్ల వెడల్పులో లేజర్ ప్రింటు తీసి, ట్రెడిల్ ప్రూఫు మీద పెట్టి, కిటికీ అద్దానికి ఆనించి చూశాను. "ల" పొట్ట ఒక్కచోట వెంట్రుకవాసి తేడా కనిపించింది, దిద్దాను. ఆ కాగితమే మామ్మగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ వేలితో ఒక్కొక్క శిఖనూ తాకుతూ ఐదు వరకు లెక్కపెట్టి కాగితం కొడుకు చేతికిచ్చారు.

లేబుల్‌కు ఆ రూపం అలాగే వెళ్ళింది. 90 మిల్లీమీటర్లలో కాడ మందం 0.29 అవుతుంది, హాయిగా అచ్చవుతుంది. మూత మీది 20 మిల్లీమీటర్లలో అది 0.06 మాత్రమే, అచ్చులో నిలవదు. దానికి మూడు మాటలూ తీసేసి సెమ్మె ఒక్కటే వాడదామని ప్రతిపాదించాను, యజమాని ఒప్పుకున్నారు. కాడలు లావుచేసి అక్షరాలనే ఉంచవచ్చు, కానీ నమోదైన గుర్తుకు రెండో రూపం పుట్టించడం నాకు ఇష్టం లేకపోయింది. ఫైళ్ళను నలుపు, రంగు, తెలుపు రూపాల్లో ఎస్‌వీజీగా, పీడీఎఫ్‌గా ఇచ్చి, కుటుంబంలో ముగ్గురి ఈమెయిళ్ళకు పంపి, ఆరు ప్రూఫులనూ ఒక కవరులో పెట్టి బ్లాకుతో పాటు అప్పగించాను.

గోడ మీది లోగోలో మాత్రం ఒక లోటు మిగిలింది. బ్లాకు కన్నా అది 59 రెట్లు పెద్దది కనుక కాడ మందం 12 మిల్లీమీటర్లయింది. ఆక్రిలిక్ కోసే యంత్రానికి అది చాలు, లోపల ఎల్‌ఈడీ దీపాల పట్టీ ఇమడడానికి చాలదు. అక్షరాలు కోసే కుర్రాడు కాడలను ఇరవై మిల్లీమీటర్లకు పెంచమని రెండుసార్లు అడిగాడు. నేను ఒప్పుకోకుండా, కాడలను వెలుగు లేని గట్టి ఆక్రిలిక్ ముక్కలుగా కోయించాను. పగలు చూస్తే ఐదు శిఖలూ అక్షరాలను అంటుకునే ఉంటాయి. రాత్రి దీపాలు వేశాక కాడలు చీకట్లో కలిసిపోయి, మంటలు అక్షరాలకు కాస్త పైన విడిగా కనిపిస్తున్నాయి.